పన్నెండు మాసముల ముక్తకమాల: హైకూ రీతిలో ప్రేమయు, మితభాషణమును

ఈ వ్యాసమునకు విషయమైన కృతి మిక్కిలి చిన్నది. పన్నెండు ముక్తకములు, ఒక్కొక్కటి మూడేసి పంక్తులు. అన్నియు కలిపినను ఒక పుటకు మించవు. వ్రాసినది యానాములో కాపురము చేసిన యొక గృహిణి. తన పేరు ప్రకటింపవలదని ఆమె కోరినందున ఇచట పేర్కొనుట లేదు. వంతెన పడకమునుపు యానాము నుండి ఆవలి కోనసీమ గ్రామములకు పోవువారు గౌతమీ పాయను పంటుమీదనో పడవమీదనో దాటెడివారు. ఈ కృతికి నేపథ్యము ఆ కాలపు రేవు, ఆ నీరు, ఆ తొలి కాపురము.

ఈ వ్రాతప్రతిని నేను మొదట చదివినప్పుడు ఇందు పదుమూడు ముక్తకములుండెను. కడపటి దానిపై అడ్డగీత కలదు. ఆ గీతను తొలగించి పదుమూడవదానిని నిలుపుమని నేను సలహా చెప్పితిని. ఆమె అంగీకరింపలేదు. ఆమెయే సరియని నాకు తోచుటకు చాలకాలము పట్టినది. నా పొరపాటునకు కారణమేమో తెలిసికొనుటయే ఈ వ్యాసమునకు ప్రేరణము. ముందుగా కృతిని యథాతథముగా ఇచ్చుచున్నాను.

1.
ఆషాఢం—
అవతలి ఒడ్డున
ఆగిన పంటు.

2.
ఎర్రనీటి రేవు—
పడవ దిగేదాకా
ఆసరా ఇచ్చిన చెయ్యి.

3.
పులస పులుసు—
ముళ్లు తీసిన ముక్క
పక్క కంచంలోకి.

4.
తుపాను రాత్రి—
దీపం ఆరిపోయాక
ఆగని మాట.

5.
కార్తీకపు చలి.
అరటి దొప్పలో
రెండు వత్తులు.

6.
తెల్లారేసరికి
దుప్పటి మొత్తం నావైపే.
మార్గశిరం.

7.
ముగ్గు గిన్నె చేతిలో.
అప్పటికే తడిసిన వాకిలి—
పుష్యమాసం.

8.
మాఘపు పొద్దు—
మాటలు లేవు.
రెండు కాఫీ గ్లాసులు.

9.
ఎర్రబడ్డ బాదమాకు—
చిట్టా పుస్తకంలో
ఏ పద్దుకూ చెందక.

10.
ఉగాది పచ్చడి.
వేపపువ్వు ఎక్కువైంది;
గిన్నె ఖాళీ.

11.
తాటిముంజె నీళ్లు చిమ్మి
ఎవరి ముఖం ముందు
తుడవాలో!

12.
జ్యేష్ఠపు ఉక్క.
రేవులో పంటు;
సర్దని పెట్టె.

హైకూ జపాను దేశపు కవితారూపమని పాఠకులెరుగుదురు. తెలుగున దీనికి ఆదరము కలిగించినవారిలో కాకినాడ కవి ఇస్మాయిల్‌గారు (1928–2003) ముఖ్యులు. యానామునకు కాకినాడ కూతవేటు దూరమున నుండుటచే ఈ రచయిత్రికి ఆ గాలి సోకియుండుట వింత కాదు. అయితే ఇచట ఒక చిక్కు కలదు. ప్రేమను చెప్పుటకు హైకూ పుట్టలేదు. ఈ కృతి దేనిని సాధించినదో తెలియవలెనన్న ఆ చిక్కును కొంచెము వివరింపవలసియున్నది.

జపాను కవితలో ఋతువును ప్రేమయు మొదట వేర్వేరు గదులలో నివసించినవి. సుమారు 905వ సంవత్సరమున రాజాజ్ఞచే కూర్పబడిన 'కొకిన్‌షూ' సంకలనమున ఇరువది సంపుటములు కలవు. వానిలో మొదటి ఆరును ఋతువులకు, పదునొకటవ సంపుటము మొదలు పదునైదవదాని వరకు ప్రేమకు కేటాయింపబడినవి. ప్రేమ సంపుటములలోని పద్యములు ఎవరు ఎప్పుడు వ్రాసినవన్న క్రమములో నుండవు. కంటబడని వ్యక్తిపై పుట్టిన కోరికతో మొదలై, కలయిక మీదుగా, ఎడబాటునకును నిష్ఠూరమునకును చేరునట్లు సంకలనకర్తలు వానిని పేర్చిరి. కథ యనునది ఏ పద్యములోను లేదు. పద్యమునకును పద్యమునకును నడుమనున్న ఎడములో నున్నది. మాలాకావ్యమున కిది మూలసూత్రము.

తరువాతి కాలమున పలువురు కవులు కూడి గొలుసుగా అల్లిన 'హైకాయ్' పద్ధతి వచ్చినది. అందు ముప్పదియారు ఖండికల కూర్పునకు 'కాసెన్' అని పేరు. తొలి పుటలోని ఆరు ఖండికలలో ప్రేమను తేరాదు. ఆ గొలుసునకు మొదటి ఖండికయగు 'హొక్కు'కు మాత్రము ఋతుసూచన తప్పనిసరి. కాలక్రమమున ఈ హొక్కు గొలుసునుండి విడివడి హైకూ యైనది. అనగా హైకూ తన తల్లినుండి ఋతువును వారసత్వముగా తెచ్చుకొన్నదేగాని ప్రేమను తెచ్చుకొనలేదు. ప్రేమకు చోటు గొలుసు నడుమనే గాని తలవాకిట లేదు.

ఈ వాకిలి దాటినవారు లేకపోలేదు. హినో సోజో (1901–1956) అను కవి 1934లో ఒక హోటలులో నూతన దంపతులు గడపిన రాత్రిని, మరునాటి ఉదయమును పది హైకూల వరుసగా వ్రాసి ప్రకటించెను. అది పెద్ద వివాదమునకు దారితీసినది. కొందరు మెచ్చుకొనిరి. నకమురా కుసతావో వంటివారు తీవ్రముగా నిరసించిరి. 1936లో సోజో తాను పెరిగిన 'హొతొతొగిసు' పత్రికా కూటమి నుండి తొలగింపబడెను. ఆ వివాదములో నీతి ప్రసక్తి యెక్కువగా వినవచ్చినది. నాకు ముఖ్యముగా తోచినది వేరు. ఆ వరుసలో కాలము గడచునది ఒక్క రాత్రియే. కనుక అందు ప్రేమ ప్రకటమగునుగాని, లోతగుటకు వలసిన వ్యవధి లేదు. సంఘటనను చూపుటకు ఒక రాత్రి చాలును. పరిణామమును చూపుటకు ఋతువులు మారవలెను.

మన రచయిత్రి చేసినది ఇదియే. పన్నెండు మాసములకు పన్నెండు ముక్తకములు. ఆషాఢము మొదలు జ్యేష్ఠము వరకు ఒక చుట్టు. తెలుగువారి సంవత్సరము చైత్రముతో మొదలగునని తెలిసియు ఆమె ఆషాఢముతో నారంభించుట ఊరక జరిగినది కాదు. పెండ్లియైన యేట కొత్తకోడలు ఆషాఢమున పుట్టింట నుండుట మన యాచారము. కాళిదాసు యక్షుడు మేఘమును చూచినదియు ఆషాఢముననే కదా! ఆ మాసము పేరు చెప్పినంతనే ఎడబాటు అర్థమగును. రచయిత్రి ఇక ఆ మాటను పలుకవలసిన పని లేదు. మొదటి ముక్తకములో మనుష్యులే లేరు. మాసమును, ఒడ్డును, కదలని పంటును కలవు. చూచుచున్నది ఆమెయా, ఆయనయా? 'అవతలి ఒడ్డు' అనుమాట ఇరువురి నోటను ఒక్కతీరుగనే ఇమిడియుండును. ఎడబాటు ఇరువురిదియు నగుటచే ఈ సందిగ్ధత దోషము కాక గుణమైనది.

ఇచట భాషకు సంబంధించిన మెలకువ యొకటి గమనింపదగినది. జపాను క్రియకు పురుషభేదము లేదు. 'వచ్చుట' యను క్రియను చెప్పిన, ఎవరు వచ్చినదియు మాటలో తెలియదు. తెలుగు క్రియ అట్టిది కాదు. 'వచ్చాను', 'వచ్చాడు', 'వచ్చింది' అనగానే కర్త బయటపడును. కనుక జపాను కవికి అప్రయత్నముగా లభించు గోప్యతను తెలుగు కవి పనిగట్టుకొని సంపాదింపవలసియుండును. ఈ పన్నెండు ముక్తకములలో కర్త యెవరో చెప్పు సమాపకక్రియ ఒక్కటియు లేదు. 'ఆగిన', 'ఇచ్చిన', 'తీసిన', 'తడిసిన' అను క్రియాజన్య విశేషణములును, క్రియ లేని నామవాక్యములును ఆ పనిని నెరవేర్చినవి. 'ఎక్కువైంది' అనునది వేపపువ్వును గూర్చినది. 'లేవు' అనునది మాటలను గూర్చినది. 'తుడవాలో' అను రూపమునకు ఏ పురుషయైనను సరిపోవును. మన భాషలో 'ఇది పంటు' అనుటకు నడుమ క్రియ అక్కరలేకపోవుట హైకూకు గొప్ప వసతి. ఆమె ఆ వసతిని ఎరిగి వాడుకొన్నది.

ఇందులకు ఒకే యొక అపవాదము కలదు. ఆరవ ముక్తకమున 'నావైపే' అని 'నా' శబ్దము వచ్చినది. కృతి మొత్తములో ఉత్తమపురుష ఈ ఒక్కచోటనే కనబడును. దుప్పటి రాత్రి ఇరువురిపై నుండెను. తెల్లవారునప్పటికి ఒకరివైపే యున్నది. నిద్రలో లాగుకొనుట జరిగినదా, లేక రెండవవారు చలికి మేలుకొని కప్పిరా? కప్పినవారిని గూర్చి ఒక్క మాటయు లేదు. కప్పించుకొన్నవారు మాత్రము 'నా' యని తెలియబడుచున్నారు. మేలు పొందినవారే మాటాడుదురు, మేలు చేసినవారు కనబడరు. కృతి నడిమిభాగమున, సరిగా చలి ముదిరిన మాసమున ఈ 'నా' వచ్చుటచే, అంతవరకు పరాయివారి కాపురమును కిటికీనుండి చూచుచున్న పాఠకుడు ఒక్కసారిగా ఇంటిలోపల నున్నట్లు భావించును.

ప్రేమ లోతైనదని ఈ కృతి యెట్లు చెప్పుచున్నది? ఉపచారముల వరుసను చూచిన తెలియును. రెండవ ముక్తకములో చెయ్యి అందినది. ఎర్రనీరనగా శ్రావణమున గోదావరికి వచ్చు వరదనీరు. ఆ వేగములో పడవ దిగువారికి ఎవరైనను చెయ్యి ఇత్తురు. అది నలుగురిలో జరుగు పని, దానికి లోకసమ్మతమైన నెపము కలదు. 'దిగేదాకా' అను మాట ఆ చెయ్యికి ఎల్ల గీసినది. దిగిన తరువాత ఆ చెయ్యి తొలగినదని వేరుగ చెప్పనక్కరలేదు. మూడవదానిలో రేవు ఇల్లైనది. పులస వరదకాలమున సముద్రమునుండి గోదావరికి ఎదురీదు చేప. రుచి యెంత గొప్పదో ముళ్లును అంత విస్తారము. ముళ్లు తీసిన ముక్కను పక్క కంచములో వేయుటలో ఎంత ఓపిక కలదో ఆ చేపను తినినవారికి తెలియును. నాలుగవదానిలో దీపము ఆరినది గాని మాట ఆగలేదు. వెలుతురులో చెప్పలేని మాటలు అవి.

ఇంతవరకు ఒకరికొకరు ఎదుట నుండగా జరిగినవి. ఆరవదాని నుండి తీరు మారినది. దుప్పటి కప్పినది రెండవవారు నిద్రలో నుండగా. ఏడవదానిలో ముగ్గు వేయ వచ్చుసరికి వాకిలి అప్పటికే తడిసియున్నది. కళ్లాపి చల్లినవారు అక్కడ లేరు. ధనుర్మాసపు తెల్లవారుజామున చన్నీళ్లు ముట్టుట ఎంత కష్టమో, అది ఎవరి వంతు పనిగా లోకము భావించునో తెలిసిన పాఠకునకు ఈ మూడు పంక్తులు చాలును. తొమ్మిదవదానిలో ఎర్రబడిన బాదమాకు చిట్టాలో దొరకినది. లెక్కలు వ్రాయువారు దానిని ఎప్పుడు, ఎందుకు దాచిరో ఆ పుస్తకము చెప్పదు. పదియవదానిలో చేదెక్కువైన పచ్చడి గిన్నె ఖాళీ యైనది. చేసినవారు నొచ్చుకొందురని తినినవారు పైకి చెప్పలేదు. అనగా తొలి సగములోని ప్రేమ చూచుచుండగా చేయు ఉపచారము. మలి సగములోనిది చూడనప్పుడు చేయునది. ఈ మార్పునే నేను లోతు అనుచున్నాను. ఏ ముక్తకమునకు ఆ ముక్తకము చదివిన ఇది తెలియదు. పన్నెండును వరుసగా చదివినప్పుడే తెలియును. పదునొకండవదానిలో తాటిముంజె నీళ్లు ఇరువురి ముఖములపైనను చిమ్మి నవ్వు పుట్టించుట ఈ క్రమమునకు ఫలశ్రుతి వంటిది. మాటున చేసిన ఉపచారములు ఇన్ని జరిగిన తరువాతనే ఎదుట అంత స్వేచ్ఛ సాధ్యమైనది. నవ్వు అను శబ్దము మాత్రము ఇచటను లేదు.

ఇక మితభాషణమును గూర్చి. దీనిని జపానువారి సొత్తుగా భావించుట సరికాదు. రసమునుగాని, స్థాయిభావమునుగాని, సంచారిభావమునుగాని దాని పేరుతోనే చెప్పుట దోషమని మన ఆలంకారికులు నిర్ణయించిరి. మమ్మటుడు కావ్యప్రకాశమున రసదోషములను చెప్పుచు 'స్వశబ్దవాచ్యత' నందు చేర్చెను. 'నాకు సిగ్గైనది' అని నాయిక పలికిన పాఠకునకు సిగ్గు కలుగదు. తల వంచుటను చూపిన కలుగును. ద్రావిడ దేశమున నివసించు మనకు మరియొక నిదర్శనము చేరువలోనే కలదు. తమిళుల ప్రాచీన 'అగం' కవితలో ప్రేమికులకు పేరు పెట్టరాదని తొల్కాప్పియము విధించినది. అందు నేలకును, కాలమునకును, భావమునకును విడదీయరాని ముడి కలదు. ముల్లై యన్న అడవినేల, కారుకాలము, సాయంసమయము, వేచియుండు ఇల్లాలు. ఈ నాలుగింటిలో ఒకదానిని చెప్పిన తక్కినవి పాఠకుని మనస్సులో మేలుకొనును. మన రచయిత్రి తన పేరును దాచుకొనుటయు, తన నాయికానాయకులకు పేరు పెట్టకపోవుటయు ఆ మర్యాదకు తగియున్నవి.

మితభాషణమనగా తక్కువ మాటలు వాడుట మాత్రమే కాదని తొమ్మిదవ ముక్తకపు చిత్తుప్రతి నిరూపించుచున్నది. ఆమె మొదట వ్రాసినది ఇది:

రాలే ఆకులు—
మన ప్రేమ మాత్రం
రాలదు.

ఇందు మాటలు తుది పాఠముకంటె హెచ్చు కావు. అయినను ఇది మితము కాదు. ఆకు రాలుటను చూచి వెంటనే దానికొక నీతిని తగిలించుట జరిగినది. ఆకు ఉపమానమునకు పనిముట్టై తన ఉనికిని కోల్పోయినది. 'ప్రేమ' అను శబ్దము వచ్చినంతనే పాఠకునకు చేయుటకు పని యేమియు మిగులలేదు. తుది పాఠములో ఆకు ఆకుగనే యున్నది. బాదము ఆకు మాఘఫాల్గునములలో ఎర్రబడి రాలుట ఆ తీరమున ప్రతి వీథిలోను కనబడు దృశ్యము. చిట్టాలో జమయు ఖర్చును తప్ప మరేదియు నుండరాదు. ఆ ఆకు జమ కాదు, ఖర్చు కాదు. 'ఏ పద్దుకూ చెందక' అనుమాట వ్యాపారపు మాటయే. అయినను కృతి మొత్తములో ఇంతటి ప్రేమవాక్యము మరియొకటి లేదు.

గుణములను చెప్పి దోషములను విడుచుట విమర్శకధర్మము కాదు. ఋతుపదము నిలిచినదో, ఊరక అతికినదో తెలిసికొనుటకు సులభమైన పరీక్ష యొకటి కలదు: ఆ మాసపు పేరు తీసి మరియొక మాసపు పేరు పెట్టి చదువవలెను. అర్థము చెడిన పదము నిలిచినట్లు, చెడకున్న అతికినట్లు. ఆరవదానిలో మార్గశిరమును తీసి వైశాఖమును పెట్టిన దుప్పటియే నవ్వులపాలగును. కాని ఎనిమిదవదానిలో 'మాఘపు పొద్దు'నకు బదులు 'భాద్రపదపు పొద్దు' అన్నను నష్టము కనబడదు. మాటలు మానుకొన్న నాడును రెండు గ్లాసుల కాఫీ కలుపబడుట అందమైన యూహయే. అయితే ఆ యలుకకును మాఘమునకును సంబంధమేదో ముక్తకము చూపలేదు. పన్నెండు మాసముల లెక్క పూర్తిచేయుటకు ఆ పదము వచ్చినదని చెప్పక తప్పదు.

ఐదవదానిలోని లోపము మరియొక విధమైనది. అరటిదొప్పలో రెండు వత్తులనగానే ఇరువురు మనుష్యులని పాఠకుడు వెంటనే లెక్క కట్టును. ఇంత త్వరగా తెగు లెక్కలో ధ్వని యుండదు. దీపమునకు రెండు వత్తులు వేయుట మన యాచారమే కావున తాను చూచినదే వ్రాసితినని రచయిత్రి సమాధానము చెప్పినది. ఆ సమాధానములో సత్యము కలదు. అయినను కంటితో చూచినదంతయు కవితలో చూచినట్లుగనే తోచునన్న నియమము లేదు. ప్రేమపరమైన మాలలో 'రెండు' అను సంఖ్య పడినచోట సంకేతము తానై వచ్చి కూర్చుండును. ఎనిమిదవదానిలోని రెండు గ్లాసులకు ఈ ప్రమాదము తక్కువ. అచట 'మాటలు లేవు' అనునది సంఖ్యకు ఎదురునిలిచి లెక్కను పాడుచేయుచున్నది.

మరియొక పరిమితిని మన సంఘపు పాఠకులు తామే గుర్తింపగలరు. ఈ ఋతుపదములు గౌతమీతీరపువి. హోసూరులోనో, మధురలోనో తరతరములుగా నున్న తెలుగువారికి ఎర్రనీరు, పులస అనుభవములో లేవు. తమిళదేశపు తూర్పుతీరమున పెద్దవానలు శ్రావణభాద్రపదములలో గాక ఆశ్వయుజకార్తికములలో పడును. అచటివారికి వర్షఋతువు పంచాంగములో నొకచోటను, ఆకాశములో నింకొకచోటను ఉండును. కనుక అట్టివారు ఈ మాలను అనుకరింపబూని పులసను, పంటును అరువు తెచ్చుకొన్న ఋతువు పుస్తకపు ఋతువగును. తమ వాకిట పడిన వానను, తమ సంతలో దిగిన పండును, తమ యేటినీటి రంగును చూచి వ్రాయవలెను. ఈ కృతినుండి గ్రహింపవలసినది పదములను కాదు, పద్ధతిని.

ఇక పదుమూడవ ముక్తకము. అడ్డగీత క్రింద ఇట్లుండెను:

ఆషాఢం మళ్లీ—
ఈ ఏడు నేను
ఎక్కడికీ వెళ్లను.

దీనిని నిలుపుమని నేను చెప్పుటకు కారణము, చుట్టు పూర్తియగునను ఆశ. మొదటి మాసముతో కడపటి మాసము కలిసిన మాల ముడిపడినట్లుండునని తలచితిని. పన్నెండవదానితో ముగించిన కృతి తెగినట్లు, రచయిత్రి హృదయము చల్లబడినట్లు నాకు తోచినది. తరువాత మరల మరల చదువగా నా తప్పు తెలిసినది.

పన్నెండవ ముక్తకములో పంటు రేవునకు వచ్చినది. మొదటిదానిలో అవతల ఆగిన పంటే ఇది. కావున చుట్టు అప్పుడే పూర్తియైనది. మాసము జ్యేష్ఠము, రాబోవునది ఆషాఢమని తెలుగువాడెవడైనను ఎరుగును. పెట్టె సర్దలేదు. ఎందుకు? పెండ్లియైన యేటి ఆచారము రెండవ యేట వర్తింపదు గనుక పోవలసిన పని లేదనుట మొదటి యర్థము. పోవలసియున్నను సర్దుటకు చేతులు రాలేదనుట రెండవ యర్థము. ఈ రెండవ యర్థమునకు బలము కలదు. తొలికాన్పునకు ఆడుబిడ్డ పుట్టింటికి పోవుట మన దేశపు రివాజు. ఏడాది గడచిన కాపురమున అట్టి ప్రయాణము రాదగినదే. వ్రాతప్రతిని చదివిన యొక వృద్ధురాలు ఈ ముక్తకమును వినగానే 'ఎన్నో నెల?' అని అడిగినదట. రచయిత్రి ఔననలేదు, కాదనలేదు.

పదుమూడవదానిని చేర్చిన ఈ యర్థములలో ఒకటి మాత్రమే మిగులును. 'వెళ్లను' అను ఉత్తమపురుష క్రియ కర్తను, నిశ్చయమును, లింగమును తప్ప సమస్తమును బయటపెట్టును. పన్నెండు ముక్తకములపాటు దాచుకొన్నది ఒక్క క్రియతో ఖర్చగును. ఆరవదానిలోని 'నా' తన ఏకైకత్వమును కోల్పోవును. మీదుమిక్కిలి, వెళ్లనని చెప్పుకొనవలసిన ప్రేమ సర్దని పెట్టె చూపిన ప్రేమకంటె ఒక మెట్టు దిగువది. నేను లోపమని తలచిన చల్లదనము నాదేగాని కృతిది కాదు. చెప్పినదానినే ప్రేమగా లెక్కించు అలవాటు నాకుండెను. చిట్టాలోని ఆకువలె ఏ పద్దునకును చెందని దానిని లెక్కింపలేకపోతిని.

ఆ గృహిణి తన ప్రతిలో పదుమూడవదానిని చెరిపివేయక పైని గీత మాత్రము గీసియుంచినది. దానిని ఇచట విమర్శకొరకు ఎత్తి చూపుటకు అనుమతించుచు, 'గీతతో సహా చదవమనండి' అని మాత్రము చెప్పినది. పాఠకులును అట్లే చదువుదురుగాక.